తీసేసిన ఫోటోలు

"ఒరేయ్, క్లౌడ్ అంటే ఏంట్రా?"

మనవడు బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తాడు. తాతయ్య గుమ్మం దగ్గర నిలబడి, ఫోన్‌ని వేడి గ్లాసు పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఎందుకు తాతయ్యా? పొద్దున్నే పరీక్ష పెడుతున్నారా?"

"నేను కాదు, ఇదే పెడుతోంది నాకు. క్లౌడ్‌లో స్థలం నిండిందట. కొత్త ఫోటోలు భద్రపరచదట. నా ఫోటోలు భద్రపరచమని దీన్ని ఎవరడిగారు?"

మనవడు నవ్వాడు. వాడి ఉద్యోగమే అలాంటి యంత్రాలు పెట్టిన గదిలో. ఇంట్లో ఎవరూ తన పని గురించి అడగరు. జీతం వచ్చిందా లేదా అని తప్ప. తాతయ్య అడిగేసరికి వాడికి హుషారొచ్చింది.

"ఆకాశంలో ఏమీ లేదు తాతయ్యా, నేల మీదే ఉంటుంది. పెద్ద షెడ్డు. లోపల బీరువాల్లాగా వరసలు, ఒక్కో బీరువా నిండా కంప్యూటర్లు. వేడెక్కిపోకుండా చల్లగాలి కొడుతూనే ఉంటుంది, పక్క మనిషి మాట వినపడనంత హోరు. మీరు ఫోటో తీస్తారా, ఇంట్లో వైఫై తగలగానే ఫోన్ దాని నకలొకటి అక్కడికి పంపేస్తుంది. అక్కడ ఒక్క చోటే పెట్టరు. రెండు మూడు చోట్ల పెడతారు. ఒక డిస్కు పాడైతే మాలాంటివాడు వెళ్లి దాన్ని పీకి కొత్తది పెడతాడు. మీ ఫోటోకి ఏమీ కాదు."

"అంటే నా ఫోన్ పోయినా..."

"ఫోటోలుంటాయి. వేరే ఫోన్‌లో మీ ఖాతా తెరిస్తే అన్నీ వచ్చేస్తాయి."

"నాకు ఖాతా ఎక్కడిదిరా?"

మనవడు ఆ మాటకి తల గోక్కున్నాడు. "అదే... ఈ ఫోన్ అమ్మది కదా. తను కొత్తది కొనుక్కున్నప్పుడు సిమ్ మార్చి మీకిచ్చాను. ఖాతా మార్చలేదు. తర్వాత చేద్దాంలే అనుకుని మర్చిపోయా. మీరు తీసేవన్నీ అమ్మ ఖాతాలోకే పోతున్నాయి. అందుకే తొందరగా నిండింది."

పెద్దాయన ఫోన్‌ని జేబులో పెట్టుకోబోయి ఆగాడు.

"అయితే మీ అమ్మకి కనబడతాయా?"

"తన ఫోన్‌లో తెరిస్తే కనబడతాయి. ఖాతా ఒకటే కదా."

"నేను తీసేసినవి?"

"ఎక్కడ తీసేశారు? గ్యాలరీలోనా? అక్కడ తీస్తే మీ ఫోన్‌లోదే పోతుంది, పైన నకలు పైనే ఉంటుంది. ఈ రంగుల బొమ్మ ఉంది చూడండి, క్లౌడ్ ఫోటోలది, దీన్ని తెరిచి తీసేస్తే పైన కూడా పోతుంది. అన్ని ఫోన్లలోనూ పోతుంది. ఇటివ్వండి, చూపిస్తా..."

"వద్దులే," అన్నాడు పెద్దాయన, చెయ్యి వెనక్కి లాక్కుంటూ. "నీకు డ్యూటీకి టైమవుతోంది."

వాడు వెళ్లిపోయాక పెద్దాయన తన గదిలోకొచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

ఆయన బట్టల మిల్లులో గుడ్డ తానులు తనిఖీ చేసిన మనిషి. వెలుగు వేసిన బల్ల మీద గుడ్డ జారుతూ పోతుంటే తెగిన పోగు, జారిన అల్లిక, నూనె మరక ఆయన కంటికి తప్పేవి కావు. పట్టిన తప్పు పక్కన సుద్దముక్కతో గీత గీసేవాడు. పదవీ విరమణతో సుద్దముక్క పోయింది, కన్ను మాత్రం మిగిలింది. ఆ కంటికి ఇల్లే గుడ్డ తానయింది. చల్లారిపోయిన అన్నం, చొక్కాకి ఊడిన గుండీ, మీగడ తేలిన టీ, స్నానాల గదిలో పోయిన బల్బు, కాలు కదిలే కుర్చీ. ఒక్కోదానికీ ఒక్కో ఫోటో. తీసి వేరే ఊళ్లో ఉన్న కూతురికి పంపేవాడు. ఆమె చూసి "అయ్యో నాన్నా" అనేది. అదొక తృప్తి. తర్వాత గ్యాలరీలోకి వెళ్లి ఆ ఫోటో తీసేసేవాడు. చెయ్యి కడుక్కున్నట్టుండేది.

ఇప్పుడు అవన్నీ కోడలి ఖాతాలో ఉన్నాయట.

ఆమె చూసిందా? చూస్తే ఊరుకుంటుందా? రోజూ మధ్యాహ్నం కంచం ముందు పెట్టి, "ఉప్పు సరిపోయిందా మావయ్యా?" అని మామూలుగానే అడుగుతోందే! చూసి ఉండదు. పనిలో మునిగిపోయే మనిషి, ఫోటోలు తిరగేసే తీరిక ఎక్కడిది? చూసేలోపు తీసేస్తే చాలు.

కోడలు ముందుగదిలో కుట్టుమిషను మీద ఉంది. ఇళ్లకి కర్టెన్లు కుట్టడం ఆమె పని. భర్త సరుకు లారీ తోలుతూ వారంలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటాడు కాబట్టి ఇల్లు నడిచేది ఆ మిషను చప్పుడు మీదే. ఆ చప్పుడు వింటూ పెద్దాయన తలుపు చేరవేసి, రంగుల బొమ్మని నొక్కాడు.

ఇన్నాళ్లూ ఆ బొమ్మని ఆయన ముట్టలేదు. లోపల చూస్తే తన ఫోటోలు ఒంటరిగా లేవు. ఎవరివో కిటికీలు, తలుపులు, గుడ్డ ముక్కలు, వేలాడుతున్న కర్టెన్లు, వాటి మధ్యలో తన అన్నం కంచం. మరో కిటికీ, తన చొక్కా గుండీ. ముతక గుడ్డలో వేరే రంగు పోగులా ఎక్కడికక్కడ తన ఫోటో తేలి కనబడింది.

ఒక ఫోటో మీద వేలు నొక్కిపట్టాడు. దాని మూల నీలం టిక్కు పడింది. రెండోది పట్టబోతే వేలు జారి ఫోటో పెద్దదైంది. వెనక్కి వచ్చాడు. అప్పుడు ప్రతి తేదీ పక్కనా ఓ చిన్న గుండ్రం కనబడింది. దాన్ని నొక్కితే సులువుగా టిక్కు పడుతోంది. ఆ గుండ్రం ఆ రోజు తీసిన ఫోటోలన్నిటికీ అని ఆయనకి తట్టలేదు. తన ఫోటో కనబడిన తేదీ దగ్గరల్లా గుండ్రం నొక్కుకుంటూ కిందికి పోయాడు. పైన ఒక అంకె గబగబా పెరుగుతోంది. దాన్ని చూశాడు కానీ, ఆగి ఆలోచించలేదు. మిషను చప్పుడు ఆగుతుందేమోనని చెవి అటే ఉంది.

చెత్తబుట్ట గుర్తు నొక్కితే ఫోన్ ఏదో అడిగింది. ఖాతా నుంచి, అనుసంధానమైన పరికరాలన్నిటి నుంచి తీసివేయాలా అంది. మిల్లులో మూడు భాషల చీటీలు చదివిన మనిషి ఆ ఒక్క వాక్యం చదవకుండా "సరే" నొక్కాడు.

మర్నాడు పొద్దున కోడలు ముందుగది నేల మీద దుప్పటి పరిచి, దాని మీద లేత ఆకుపచ్చ గుడ్డని నిలువునా పరిచింది. డాక్టరమ్మగారి ఇంటి కర్టెన్లు. ఖరీదైన గుడ్డ, ఆవిడే కొనిచ్చింది. కత్తెర పక్కన పెట్టుకుని, కొలతల కోసం ఫోన్ తీసింది.

ఆమె కొలతలు కాగితం మీద రాసుకోదు. కిటికీకి టేపు ఆనించి, అంకె కనబడేలా ఫోటో తీస్తుంది. వెడల్పు పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి. గోడలు తిన్నగా ఉండవు కాబట్టి. కడ్డీ నుంచి నేలదాకా ఇంకొకటి. గుడ్డ కోసేముందు వాటినే తెరిచి చూసుకుంటుంది.

వేలితో పైకి తోసింది. కిందికి తోసింది. మోకాళ్ల మీద కూర్చున్నదల్లా పూర్తిగా కూలబడింది.

"ఏమైందమ్మా?" అన్నాడు పెద్దాయన. కుర్చీలోంచి లేవలేదు.

"డాక్టరమ్మగారి కిటికీలు కనబడట్లేదు మావయ్యా. ఇవే కాదు... అరె, చాలా పోయాయి."

తను తీసేసింది తనవే కదా. ఆమెవి ఎలా పోతాయి? అప్పుడు గుర్తొచ్చింది, నిన్న ఫోన్ పైన గబగబా పెరిగిన అంకె.

ఆమె కొడుక్కి ఫోన్ చేసింది. యంత్రాల గదిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. పైగా వాడు వరసగా రెండు డ్యూటీలు చేసి సాయంత్రానికి గానీ రాడు. "క్లౌడ్ నిండిందని చూపిస్తోంది నిన్నటి నుంచీ," అంది తనలో తను. "పట్టించుకోలేదు. తుడిచిపెట్టేసిందేమో. లేకపోతే నా వేలే ఎక్కడో తగిలుంటుంది. బుద్ధి లేకపోతే సరి."

ఆ తర్వాత డాక్టరమ్మగారికి ఫోన్ చేసింది. చేతులు ఖాళీగా ఉండాలని అలవాటు కొద్దీ స్పీకర్ పెట్టి, గుడ్డ మడతేస్తూ మాట్లాడింది.

"మళ్లీ కొలతలా? మొన్న గంటసేపు మా ఇంట్లో తిరిగి తీసింది ఏంటి మరి?"

"పోయాయండి. నాదే పొరపాటు."

"కొలతలు దాచుకోవడం రానిదానివి గుడ్డేం కోస్తావు? అంత ఖరీదైన గుడ్డ నీ చేతిలో పెట్టాను చూడు, నన్ననాలి."

"పొరపాటేనండి. ఇప్పుడే వచ్చి తీసుకెళ్తాను. మీకు ఇబ్బంది లేకుండా."

పెద్దాయన గోడకున్న దేవుడి పటం వైపు చూశాడు. పొద్దున దీపం వెలిగిస్తూ, తెలియక చేసిన తప్పులు మన్నించమని అలవాటుగా చెప్పుకున్న మాటే గుర్తొచ్చింది. ఇది తెలియక చేసిందా? ఆమెవి తీసేసింది తెలియకే, సరే. అసలు ఎందుకు తీసేయాల్సొచ్చింది? దేవుడికి చెప్పుకుంటే సరిపోతుందా, ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా?

"నేనూ వస్తానమ్మా," అన్నాడు. "టేపు కొస పట్టుకుంటాను."

కోడలు ఆశ్చర్యంగా చూసింది. "ఎండ మావయ్యా."

"ఎండకి నేనేం కరిగిపోనులే."

దారిలో చెబుదామనుకున్నాడు. మొదటి మలుపు దాటాక అనుకున్నాడు. ఆమె చంకలో మడత స్టూలు, భుజాన సంచి. ఆయన వైపు నీడ వచ్చేలా తను ఎండ పక్కన నడిచింది. రెండో మలుపు కూడా దాటిపోయింది.

డాక్టరమ్మగారి ఇంట్లో కిటికీలు నేల నుంచి కప్పుదాకా ఉన్నాయి. ఆవిడ సోఫాలోంచి లేవకుండానే, "ఈసారి అసిస్టెంటుని కూడా తెచ్చావా?" అంది. కోడలు నవ్వింది. స్టూలెక్కి పైన టేపు ఆనించింది. పెద్దాయన కింద మోకాలి మీద కూర్చుని కొసని నేలకి నొక్కిపట్టాడు.

"ఏమయ్యా పెద్దాయనా, మీ అమ్మాయా?"

"కోడలండి."

"కాస్త చెప్పండి. ఫోన్ని నమ్ముకుని పనిచేస్తే ఇలాగే ఉంటుంది. నేను ఆసుపత్రికి వెళ్లకుండా ఈవిడ కోసం ఇంట్లో కూర్చోలేను కదా రోజూ."

ఇదే సమయం. పోగొట్టింది ఆమె కాదండి, నేను అని నాలుగు మాటలు. పెద్దాయన నోరు తెరిచాడు. పైనుంచి కోడలి మాట వినబడింది, "టేపు కొంచెం బిగువుగా మావయ్యా."

బిగువుగా పట్టుకున్నాడు. నోరు మూసుకున్నాడు.

తిరిగొస్తుంటే ఆమె అంది, "ఈ కొలతలంటే మళ్లీ తీసుకున్నాం. మిగతావి అలా కాదు. ఈమధ్య కుట్టినవి చాలావరకు అందులోనే ఉన్నాయి. కొత్తవాళ్లు, నువ్వేం కుట్టావో చూపించమంటే అవే చూపించేదాన్ని. ఫోన్‌లో జాగా లేదని మీ మనవడు నకళ్లు తీసేసి పైనే ఉంచాడు. ఇప్పుడు పైనా లేవు. ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాను మావయ్యా?"

ఆయన దగ్గర జవాబుంది. కానీ దాన్ని నోటిదాకా తెచ్చే ధైర్యం ఇంటి గుమ్మం దాకా కూడగట్టుకున్నా రాలేదు.

సాయంత్రం మనవడు వచ్చి బూట్లు విప్పేలోపే పెద్దాయన వాణ్ని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"క్లౌడ్‌లోంచి తీసేసినవి ఎక్కడికి పోతాయిరా?"

"వెంటనే ఎక్కడికీ పోవు తాతయ్యా. చెత్తబుట్టలో ఉంటాయి. రెండు నెలలదాకా ఉంచుతారు. ఆ తర్వాత ఇక దేవుడు కూడా తేలేడు. ఏం, ఏమైనా పోయాయా?"

"మీ అమ్మవి పోయాయి. నేను తీసేశాను."

మనవడు ఇంకేమీ అడగకుండా ఫోన్ తీసుకుని చెత్తబుట్ట తెరిచాడు. కిటికీలు, కర్టెన్లు, టేపులు వరసగా వచ్చాయి. "హమ్మయ్య, అన్నీ ఉన్నాయి. వీటిని టిక్కు పెట్టి, పునరుద్ధరించు అని నొక్కితే ఏ తేదీది ఆ తేదీలోకి పోయి కూర్చుంటుంది. తేదీ గుండ్రం నొక్కేశారా? అది రోజు మొత్తాన్ని పట్టేస్తుంది..." వేలు ఆగింది. "ఇదేంటి? కంచం. ఇది బల్బు కదా? మన బాత్రూమ్‌ది." ఇంకా కిందికి పోయాడు. వాడి మొహంలో హుషారు తగ్గుతూ వచ్చింది. "తాతయ్యా, ఇవన్నీ ఎందుకు తీశారు?"

"మీ అత్తకి పంపడానికి."

వాడు ఫోన్ వైపే చూశాడు. తాతయ్య వైపు చూడలేక. గొంతు తగ్గించి అన్నాడు, "అమ్మవి మాత్రం వెనక్కి తెస్తాను. మీవి ఇప్పుడే ఇక్కడ్నించి కూడా తీసేద్దాం. మళ్లీ ఎవరికీ కనబడవు. అమ్మకి చెప్పక్కర్లేదు. ఏదో సాంకేతిక లోపమంటాను."

ఆ మాట చల్లగా తగిలింది. ఒక్క నిమిషం ఆ చల్లదనంలోనే ఉండిపోవాలనిపించింది. మిల్లులో ఒక పద్ధతి ఉండేది. తప్పు పట్టిన తానుని పక్కన పెట్టేముందు, నేసినవాణ్ని బల్ల దగ్గరికి పిలిచి సుద్దగీత చూపించాలి. అలా పిలవకుండా తప్పు రాసిన కుర్ర తనిఖీదారుని ఆయనే ఒకసారి అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. వాడి కంటే తను ఎంత నయం?

పైగా ఇప్పుడు మనవడి చేత అబద్ధం చెప్పించాలి.

"మీ అమ్మని పిలువు," అన్నాడు.

కోడలు దారప్పోగులు చీరకి అంటుకుని ఉండగానే వచ్చింది. ఫోటోలు దొరికాయని విని ఒక్కసారిగా మొహం వెలిగింది. పక్కనే మంచం మీద కూర్చుని ఫోన్ అందుకుంది. కిటికీల మధ్య కంచం కనబడింది. వేలు జరిగింది. గుండీ. టీ గ్లాసు. బల్బు. కుర్చీ.

"ఇవి నావి," అన్నాడు పెద్దాయన. "ఇవి తీసేయబోయి నీవన్నీ తీసేశాను. పొద్దున్నుంచీ తెలుసు నాకు. నిన్ను అన్ని మాటలు పడనిచ్చాను."

కోడలు ఆయన వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు.

"ఇవెందుకు తీసేశారు మావయ్యా? నేను ఎప్పటికప్పుడు చూస్తూనే ఉన్నానుగా."

ఆయనకి అర్థం కాలేదు.

"మొదట్లో నాకూ తెలీలేదు. నా కిటికీల మధ్యలో ఈ కంచం ఏంటా అనుకున్నా. తర్వాత గుండీ వచ్చింది. అప్పుడు తెలిసింది, మీరే అని. నోరు తెరిచి నాకిది బాగాలేదు, అది కావాలి అని అడిగే మనిషి కాదు కదా మీరు. అందుకని ఇలా ఫోటో తీసి నాకు పెడుతున్నారనుకున్నా. గుండీ ఆ మర్నాడే కుట్టాను. బల్బు మార్చాను. అన్నం మీరు కూర్చున్నాకే వడ్డిస్తున్నాను చూడండి. కుర్చీ ఒక్కటే మిగిలింది, ఆ వడ్రంగి ఇదిగో అదిగో అని తిప్పుతున్నాడు." కొంచెం నవ్వింది. "మనిద్దరికీ ఇదొక పద్ధతైపోయిందనుకున్నా."

పెద్దాయన తన చొక్కా గుండీని వేళ్లతో తడిమాడు. గట్టిగా ఉంది, నాలుగు రంధ్రాల్లోనూ దారం. అవును, బల్బు వెలుగుతోంది. అన్నం వేడిగానే వస్తోంది. కూతురు ఫోన్ చేసి గట్టిగా అడిగి ఉంటుంది, అందుకే మారింది అనుకున్నాడు ఇన్నాళ్లూ.

మనవడు తల వంచుకున్నాడు. వాడు చెప్పడని ఆయనకి తెలుసు. ఆమె అనుకున్నది అలాగే ఉండనిస్తే ఈ గదిలో ఎవరికీ బాధ లేదు. అంత మంచి అబద్ధాన్ని ఆమె తనంతట తనే అల్లి ఇచ్చింది. కప్పుకుంటే చాలు.

"నీకోసం తీయలేదమ్మా," అన్నాడు.

"మరి?"

"అమ్మాయికి పంపాను. నన్ను ఎలా చూస్తున్నారో చూడమని."

కోడలి మొహంలో నవ్వు వెంటనే పోలేదు. పెట్టిన చోటు మర్చిపోయిన వస్తువులా కాసేపు అక్కడే ఉండి, నెమ్మదిగా పోయింది. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆమె ఫోన్ వైపు చూసి, ఒక్కో కిటికీ మీదా టిక్కు పెట్టడం మొదలుపెట్టింది. కంచం దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని దాటి పోయింది. చివరిదాకా వచ్చాక, తలెత్తకుండా అడిగింది.

"బల్బు మార్చాక ఒక ఫోటో పంపారా, వదినకి?"

"లేదు."

"గుండీ కుట్టాక?"

"లేదమ్మా."

ఆమె పునరుద్ధరించు అన్నదాన్ని నొక్కింది. ఫోన్‌ని మనవడి చేతికిచ్చి, లేచి ముందుగదిలోకి వెళ్లిపోయింది. గుడ్డ పరుస్తున్న చప్పుడు, తర్వాత కత్తెర చప్పుడు వినిపించాయి. దేవుడి పటం ముందు ఎన్నిసార్లు నిలబడ్డా పెద్దాయనకి ఇంత చిన్నతనం అనిపించలేదెప్పుడూ.

"తాతయ్యా, మీకు వేరే ఖాతా తెరిచేస్తాను ఇప్పుడే," అన్నాడు మనవడు, ఏదో ఒకటి అనాలని.

"తర్వాత. ముందు నా ఫోన్ ఇటివ్వు."

పెద్దాయన ముందుగదిలోకి వచ్చి కాలు కదిలే ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కోడలు తల ఎత్తలేదు. కూతురి నంబరు నొక్కి, స్పీకర్ గుర్తు ఎక్కడుందో వెతికి అదీ నొక్కి, ఫోన్‌ని గుడ్డ అంచు పక్కన నేల మీద పెట్టాడు. అది రెండుసార్లు మోగింది.

"చెప్పండి నాన్నా," అంది కూతురు, వంటింట్లో గిన్నెల మోత మధ్య నుంచి, అలవాటైన గొంతుతో. "ఇవాళేం చేసింది?"

కత్తెర ఆగిపోయింది.

"తనేం చేయలేదమ్మా," అన్నాడు పెద్దాయన. "ఇవాళే కాదు, ఎప్పుడూ చేయలేదు. చేసింది నేను. గిన్నెలు పక్కన పెట్టి విను. మీ వదిన కూడా ఇక్కడే వింటోంది."